గండికోటలో తీసిన ఒక్క ఫోటో ఎంత దూరం పోతుంది? ఇన్‌స్టాగ్రామ్‌లో పబ్లిక్, ప్రైవేట్ అకౌంట్ల పోలిక

ఆదివారం జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయి, పెన్నా లోయ అంచున జేజితో, పిల్లలతో కలిసి ఒక ఫోటో తీసుకున్నారనుకోండి. రాత్రికి ఇంటికొచ్చి దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు, గండికోట అని లొకేషన్ కూడా జత చేశారు. అకౌంట్ పబ్లిక్‌గా ఉంటే ఆ ఫోటో ఒక దారిన పోతుంది, ప్రైవేట్‌గా ఉంటే ఇంకో దారిన. రెండింటికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క స్విచ్. ఆ స్విచ్ దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపదు అన్నది సరిగ్గా తెలియకపోవడం వల్లే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. ప్రైవేట్ పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ల ఫోటోలు బయటికి పోతున్నాయి. పబ్లిక్ పెట్టాల్సినవాళ్లు భయపడి ప్రైవేట్‌లో ఉండి కొనేవాళ్లను పోగొట్టుకుంటున్నారు.

ఫేస్‌బుక్‌లో ఏ పోస్టుకు ఆ పోస్టు ఎవరు చూడాలో నిర్ణయించుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో పబ్లిక్, ప్రైవేట్ అన్నవి మొత్తం అకౌంట్‌కు వర్తిస్తాయి. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

## ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు

మొదటిది, ఫోటో ఎవరు చూడగలరు? రెండోది, మిమ్మల్ని ఎవరు ఫాలో కాగలరు, అందుకు మీ అనుమతి కావాలా? మూడోది, చూసినవాళ్లు దాన్ని ఇంకొకరికి పంపగలరా? ఈ మూడూ అందరూ అడిగేవే. అడగకుండా వదిలేసే ప్రశ్న ఇంకొకటుంది. రేపు మనసు మారితే వెనక్కి తీసుకోగలమా? నిర్ణయం చివరికి ఎక్కువగా ఆధారపడేది దీనిమీదే.

| విషయం | పబ్లిక్ అకౌంట్ | ప్రైవేట్ అకౌంట్ |
|---|---|---|
| పోస్టులు, రీల్స్, స్టోరీలు | ఎవరైనా చూడొచ్చు | మీరు ఒప్పుకున్న ఫాలోయర్లే చూస్తారు |
| పేరు, ప్రొఫైల్ ఫోటో, బయో | అందరికీ కనిపిస్తాయి | అందరికీ కనిపిస్తాయి |
| ఎందరు ఫాలోయర్లన్న సంఖ్య | అందరికీ | అందరికీ |
| ఆ ఫాలోయర్లు ఎవరన్న జాబితా | బయటివాళ్లూ తెరవొచ్చు | ఫాలోయర్లకే తెరుచుకుంటుంది |
| ఫాలో కావడం | నొక్కగానే అయిపోతుంది | రిక్వెస్ట్ వస్తుంది, మీరు ఒప్పుకోవాలి |
| పోస్టును మెసేజ్‌లో పంపడం | ఎవరికి పంపినా తెరుచుకుంటుంది | మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లకే తెరుచుకుంటుంది |
| తమ స్టోరీలో పెట్టుకోవడం, రీపోస్ట్ | మీరు ఆపకపోతే చేయొచ్చు | కుదరదు |
| స్క్రీన్‌షాట్ | తీయొచ్చు, మీకు తెలియదు | తీయొచ్చు, మీకు తెలియదు |

చివరి వరుసను ఇంకోసారి చదవండి. రెండు గడుల్లోనూ ఒకటే మాట ఉంది.

## చూసేది ఎవరు

పబ్లిక్‌లో పెట్టిన గండికోట ఫోటోను మీ ఫాలోయర్లే చూస్తారనుకోవద్దు. గండికోట లొకేషన్ పేజీ తెరిచిన ఏ యాత్రికుడికైనా అది కనిపించవచ్చు. హ్యాష్‌ట్యాగ్ పెడితే ఆ దారినా వస్తుంది. మిమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్ల ఎక్స్‌ప్లోర్ పేజీలోకీ పోవచ్చు. పైగా మీది బిజినెస్ లేదా క్రియేటర్ అకౌంట్ అయితే 2025 జూలై నుంచి ఆ పబ్లిక్ ఫోటోలు, వీడియోలు గూగుల్ వెతుకులాటలోనూ కనిపించే వీలుంది. వద్దనుకుంటే ప్రైవసీ సెట్టింగ్‌లో దాన్ని ఆపుకోవచ్చు.

అదే ఫోటో ప్రైవేట్ అకౌంట్‌లో ఉంటే లొకేషన్ పెట్టినా, హ్యాష్‌ట్యాగ్ పెట్టినా బయటివాళ్లకు కనిపించదు. ఆ ట్యాగులు మీ ఫాలోయర్లకు మాత్రమే పనిచేస్తాయి. రీల్‌కు చూసేవాళ్లు పెరగాలని ప్రైవేట్ అకౌంట్‌లో వరుసగా హ్యాష్‌ట్యాగులు పెట్టేవాళ్లున్నారు. ఆ శ్రమ వృథా.

ప్రైవేట్‌లోనూ ముందుగది తెరిచే ఉంటుంది. పేరు, ప్రొఫైల్ ఫోటో, బయో లోకమంతా చూస్తుంది. కడపలో హాస్టల్‌లో ఉండి చదువుకునే అమ్మాయి అకౌంట్‌కు తాళం వేసి, బయోలో కాలేజీ పేరు, ఏ గ్రూపు, ఏ ఊరు, పుట్టినరోజు రాసిపెడితే, వెతికేవాడికి పోస్టులతో పనే లేదు. ప్రొఫైల్ ఫోటో కూడా అంతే. దాన్ని తీసుకుని, అదే పేరుకు చివర ఒక అంకె తగిలించి దొంగ అకౌంట్ తెరవడానికి రెండు నిమిషాలు చాలు. అందుకని ప్రైవేట్ పెట్టుకునేవాళ్లు బయోను, ప్రొఫైల్ ఫోటోను పబ్లిక్ అనుకునే పెట్టాలి. పసిపిల్లల మొహం ప్రొఫైల్ ఫోటోగా పెట్టకపోవడమే మేలు.

ప్రైవేట్ అకౌంట్ నుంచి మీరు వేరే పబ్లిక్ పోస్టు కింద రాసిన కామెంట్ కూడా అందరికీ కనిపిస్తుంది, మీ పేరుతో సహా. కర్నూలు వార్తల పేజీ కింద కోపంగా రాసిన మాట మీ తాళం లోపల ఉండదు. అది ఆ పేజీ గుమ్మంలో ఉంటుంది.

ఇంకొకటి. ఆ గండికోట ఫోటోనే మీ మరదలు తన పబ్లిక్ అకౌంట్‌లో పెట్టిందనుకోండి. మీ అకౌంట్ ప్రైవేట్‌గా ఉండి ఏం లాభం? ఆ ఫోటోకు వర్తించేది ఆమె స్విచ్, మీది కాదు. ఆమె మిమ్మల్ని ట్యాగ్ చేస్తే ట్యాగ్ తీసేసుకోవచ్చు, కానీ ఫోటో అక్కడే ఉంటుంది. ట్యాగ్ చేసిన ఫోటో మీ ప్రొఫైల్‌లో కనిపించే ముందు మీ అనుమతి కావాలన్న సెట్టింగ్ `Tags and mentions`లో ఉంది. పెళ్లిళ్ల కాలానికి ముందే దాన్ని పెట్టుకోండి. ఫోటో తీసేయమని మాత్రం ఆమెనే అడగాలి.

## ఫాలో అయ్యేది ఎవరు

పబ్లిక్‌లో ఫాలో నొక్కితే వాళ్లు ఆ క్షణమే ఫాలోయర్లు. మీరు తర్వాత తీసేసినా మళ్లీ నొక్కి లోపలికి రావచ్చు. అసలు ఫాలో కాకపోయినా అన్నీ చూడొచ్చు కాబట్టి, పబ్లిక్ అకౌంట్‌లో ఒకరిని ఫాలోయర్ల నుంచి తీసేయడం వల్ల పెద్దగా జరిగేదేం లేదు. ఆపాలంటే బ్లాక్ చేయాలి. బ్లాక్ చేసినా అతను ఇంకో అకౌంట్ నుంచి మీ పబ్లిక్ పోస్టులు చూడగలడు. పబ్లిక్‌కు ఉన్న అసలైన బలహీనత ఇదే. వెంటపడేవాడు ఒక్కడున్నా పబ్లిక్‌లో ఉంటూ అతన్ని పూర్తిగా ఆపలేరు.

ప్రైవేట్‌లో రిక్వెస్ట్ వస్తుంది. ఒప్పుకోవచ్చు, తీసేయవచ్చు. తీసేస్తే అవతలివాళ్లకు ఆ సంగతి చెప్పరు, కాకపోతే వాళ్లు మళ్లీ పంపొచ్చు. ఇప్పటికే లోపల ఉన్నవాళ్లను బయటికి పంపాలంటే మీ ప్రొఫైల్‌లో ఫాలోయర్ల సంఖ్య మీద నొక్కి, ఆ పేరు పక్కన `Remove` నొక్కాలి. వాళ్లకు కబురు పోదు. తిరిగి రావాలంటే మళ్లీ రిక్వెస్ట్ పెట్టాల్సిందే.

ప్రైవేట్ అకౌంట్ బలమంతా ఈ జాబితాలోనే ఉంది. అందరూ పొరబడేది కూడా ఇక్కడే. పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చినప్పుడు పాత ఫాలోయర్లు అలాగే ఉంటారు. రిక్వెస్ట్ అన్నది ఆ తర్వాత వచ్చేవాళ్లకే. మూడేళ్లు పబ్లిక్‌లో ఉండి 900 మందిని పోగేసుకుని, ఈరోజు స్విచ్ నొక్కితే, ఆ 900 మందికి రేపటి ఫోటో కూడా కనిపిస్తుంది. ఇల్లు తాళం వేశారు, లోపల ఎవరున్నారో చూడలేదు. స్విచ్ నొక్కిన రోజే ఒక గంట కూర్చుని జాబితా పైనుంచి కిందిదాకా చదవాలి. పేరు చూసి ఎవరో చెప్పలేకపోతే తీసేయడమే. మొహమాటపడాల్సిన పని లేదు, వాళ్లకు తెలియదు.

కొత్త రిక్వెస్ట్ తెలిసిన పేరుతో వస్తే ఇంకా జాగ్రత్త కావాలి. అనంతపురంలో ఉండే చిన్నమ్మ పేరు, ఆమె ఫోటోతో రిక్వెస్ట్ వచ్చింది. చిన్నమ్మ ఇప్పటికే మీ జాబితాలో ఉందా చూడండి. ఉంటే ఈ రెండో చిన్నమ్మ ఎవరు? పోస్టులు ఒకటో రెండో ఉండటం, తెలిసినవాళ్లు ఎవరూ ఆమెను ఫాలో కాకపోవడం, యూజర్‌నేమ్‌లో ఒక చుక్కో అంకో ఎక్కువ ఉండటం అనుమానించాల్సిన గుర్తులు. ఒప్పుకునే ముందు ఫోన్ చేసి అడగండి. దొంగ అకౌంట్ అని తేలితే ఆ ప్రొఫైల్ మూడు చుక్కల మీద నొక్కి `Report` చేయొచ్చు. అప్పటికే ఆ అకౌంట్ అడిగిందని డబ్బులు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ప్రైవేట్ పెట్టినంత మాత్రాన మెసేజ్‌లు ఆగవు. తెలియనివాళ్లు పంపినవి మెసేజ్ రిక్వెస్టుల్లోకి వస్తాయి. అవి ఎవరి నుంచి రావాలన్నది మెసేజ్‌ల సెట్టింగ్‌లో విడిగా మార్చుకోవాలి.

## ఇంకొకరికి పంపేది ఎవరు

పబ్లిక్ పోస్టును చూసినవాళ్లు దాన్ని మెసేజ్‌లో ఎవరికైనా పంపొచ్చు. లింకు తీసుకుని వాట్సాప్ గ్రూపులో వేయొచ్చు. తమ స్టోరీలో పెట్టుకోవచ్చు. 2025 ఆగస్టు నుంచి రీపోస్ట్ కూడా వచ్చింది కాబట్టి, మీ రీల్ వేరేవాళ్ల ప్రొఫైల్‌లో ఒక వరుసలో చేరి వాళ్ల ఫాలోయర్ల దాకా పోతుంది. మీ రీల్‌లోని గొంతును, పాటను వాళ్ల రీల్‌కు వాడుకోవచ్చు, రీల్‌ను ఫోన్‌లోకి దింపుకోవచ్చు. వీటిలో చాలావాటిని `Sharing and reuse` అన్నచోట ఒక్కొక్కటిగా ఆపవచ్చు. రీల్ దింపుకోవడం, స్టోరీలో పెట్టుకోవడం, రీమిక్స్ చేయడం లాంటివి అక్కడ ఉంటాయి. పబ్లిక్‌లో ఉండాలనుకునేవాళ్లు ఈ పేజీని ఒకసారైనా తెరిచి చూడాలి.

ప్రైవేట్ పోస్టు సంగతి వేరు. మీ ఫాలోయర్ ఒకరు గండికోట ఫోటోను తన స్నేహితుడికి మెసేజ్‌లో పంపారు. ఆ స్నేహితుడు మిమ్మల్ని ఫాలో కాకపోతే అక్కడ ఫోటో తెరుచుకోదు. లింకు పంపినా అంతే. ఈ పని ఇన్‌స్టాగ్రామ్ బాగా చేస్తుంది.

అయితే అది ఆపేది తన సొంత బటన్లనే. ఫాలోయర్ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో వేస్తే ఇక ఆపేవారు లేరు. పోస్టు, స్టోరీ స్క్రీన్‌షాట్ తీశారని మీకు కబురు కూడా రాదు. కాబట్టి ప్రైవేట్ అంటే "ఎవరూ పంపలేరు" అని కాదు. "పంపాలంటే నేను నమ్మినవాళ్లలో ఒకరు నమ్మకం తప్పాలి" అని అర్థం. 80 మంది ఫాలోయర్లకు, 900 మంది ఫాలోయర్లకు మధ్య తేడా అందుకే అంత పెద్దది.

ఒక చిన్న కన్నం గురించి కూడా చెప్పాలి. పోస్టు పెట్టేటప్పుడు ఫేస్‌బుక్‌లోనూ పెట్టమనే బటన్ ఆన్‌లో ఉంటే, ఇన్‌స్టాగ్రామ్ తాళం అక్కడ పనిచేయదు. ఫేస్‌బుక్‌లో ఎవరు చూడాలన్నది ఫేస్‌బుక్ సెట్టింగ్ ప్రకారమే నడుస్తుంది. థ్రెడ్స్‌లో అకౌంట్ ఉంటే దాని ప్రైవేట్ స్విచ్ కూడా వేరే. ఒకటి మార్చితే రెండోది మారదు.

## స్విచ్ అటూ ఇటూ మారిస్తే

చాలామంది చేసే పని ఇది. ఇంట్లో శుభకార్యం ఉన్నప్పుడు ప్రైవేట్ పెడతారు, ఫోటోలు వేస్తారు, వారం తర్వాత రీల్ బాగా పోవాలని మళ్లీ పబ్లిక్ చేస్తారు. పబ్లిక్ చేసిన క్షణం ఆ శుభకార్యం ఫోటోలన్నీ పబ్లిక్ అవుతాయి. ప్రైవేట్‌గా ఉన్నప్పుడు పెట్టామన్న గుర్తు ఏ ఫోటో మీదా ఉండదు. నాలుగేళ్ల నాటి పోస్టులు, హైలైట్స్‌లో దాచిన స్టోరీలు, అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి.

వెనక్కి తిప్పినా అంతే. పబ్లిక్‌గా ఉన్న కాలంలో దింపుకున్న కాపీలు, స్క్రీన్‌షాట్‌లు ప్రైవేట్ చేసినందువల్ల తిరిగి రావు. వెతుకులాటలో చేరినవి పోవడానికి కొంతకాలం పడుతుంది. ప్రైవేట్‌ను పబ్లిక్ చేయడం ఒక్క క్షణం పని. పబ్లిక్ అయినదాన్ని పూర్తిగా ప్రైవేట్ చేయడం మాత్రం మీ చేతిలో లేదు. సందేహంలో ఉన్నవాళ్లు ముందు ప్రైవేట్‌లో మొదలుపెట్టమని చెప్పేది అందుకే.

ప్రైవేట్ నుంచి పబ్లిక్‌కు పోక తప్పకపోతే, ముందు పెండింగ్‌లో ఉన్న రిక్వెస్టులన్నీ చూసి అక్కర్లేనివి తీసేయండి. తర్వాత ఇంటి ఫోటోలను ఆర్కైవ్‌లోకి పంపండి. `Your activity`లో పోస్టులు తెరిచి ఒకేసారి చాలావాటిని ఎంచుకుని ఆర్కైవ్ చేయవచ్చు. అవి చెరిగిపోవు, మీకు మాత్రమే కనిపిస్తాయి. ఆ తర్వాతే స్విచ్.

## ఒక ఉదాహరణ: ఇంట్లో పట్టుచీరలు అమ్మే ఆమె

అనంతపురంలో ఒకామె ధర్మవరం పట్టుచీరలు తెచ్చి ఇంట్లోనే అమ్ముతున్నారనుకోండి. ఐదేళ్లుగా ఒకే ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్, ప్రైవేట్. అందులో 300 పోస్టులు, మూడొంతుల్లో రెండొంతులు పిల్లలవి, ఊరి జాతరవి. ఫాలోయర్లు 400 మంది, ఎక్కువమంది బంధువులు, పాత స్నేహితులు. శ్రావణమాసం వస్తోంది, బయటివాళ్లకు అమ్మాలి. ఆమె ముందు నాలుగు దారులున్నాయి.

ప్రైవేట్‌లోనే ఉండి చీరలు పెట్టడం మొదటిది. గుంతకల్లులో ఉన్న ఒక ఫాలోయర్‌కు చీర నచ్చి, వదినకు మెసేజ్‌లో పంపింది. వదినకు తెరుచుకోలేదు. రిక్వెస్ట్ పెట్టి, ఈమె ఒప్పుకునేదాకా ఆగాలి. చీర కొనేవాళ్లు అంతసేపు ఆగరు, పక్క అకౌంట్‌లోకి పోతారు. ఒప్పుకుంటే ఇంకో చిక్కు. చీర కోసం వచ్చిన ఆ తెలియని మనిషికి పిల్లల ఐదేళ్ల ఫోటోలూ కనిపిస్తాయి. అమ్మకానికీ ఇది పనికిరాదు, ఇంటికీ పనికిరాదు.

ఉన్న అకౌంట్‌నే పబ్లిక్ చేయడం రెండోది. అమ్మకం సాగుతుంది, కానీ ఇల్లంతా బజార్లో పడుతుంది.

ఇంటి పోస్టులన్నీ ఆర్కైవ్ చేసి పబ్లిక్ చేయడం మూడోది. పని జరుగుతుంది. కానీ ఇక మీదట పిల్లల ఫోటో పెట్టాలంటే చోటుండదు. క్లోజ్ ఫ్రెండ్స్ జాబితా వాడుకోవచ్చు. స్టోరీలకు ముందు నుంచీ ఉన్న ఈ వీలు 2023 నవంబరు నుంచి పోస్టులకు, రీల్స్‌కూ వచ్చింది. జాబితాలో ఉన్నవాళ్లకే అవి కనిపిస్తాయి, ఆకుపచ్చ గుర్తుతో. ఎవరెవరు జాబితాలో ఉన్నారో వాళ్లకు తెలియదు. దీనిలో ఒక ప్రమాదముంది. స్టోరీ పెట్టేటప్పుడు `Your story`, `Close Friends` బటన్లు పక్కపక్కనే ఉంటాయి. రోజుకు పది చీరల స్టోరీలు పెట్టే చేయి అలవాటుగా మొదటిదే నొక్కుతుంది. అప్పుడు పాప పుట్టినరోజు కొనేవాళ్లందరికీ కనిపిస్తుంది.

రెండో అకౌంట్ తెరవడం నాలుగోది. పాతది ప్రైవేట్‌గా ఇంటికి, కొత్తది పబ్లిక్‌గా చీరలకు. ఈమెకు సరిపడేది ఇదే. ఒకే యాప్‌లో ఐదు అకౌంట్ల దాకా పెట్టుకోవచ్చు. ప్రొఫైల్ పైన యూజర్‌నేమ్ మీద నొక్కి, కొత్త అకౌంట్ చేర్చడానికి వచ్చే దారిన పోవాలి. కొత్తదానికి వేరే నంబరు, వేరే ఈమెయిల్ ఇస్తే మంచిది. లేకపోతే ఫోన్‌లో ఉన్న పరిచయాల ఆధారంగా కొనేవాళ్లకు ఆమె ఇంటి అకౌంట్‌ను కూడా చూపించే వీలుంది. చీరల అకౌంట్ బయోలో ఇంటి అకౌంట్ పేరు రాయకూడదు.

కొత్తదాన్ని బిజినెస్ అకౌంట్‌గా మార్చుకుంటే ఏ చీర ఎంతమంది చూశారన్న లెక్కలు వస్తాయి. కాకపోతే బిజినెస్ అకౌంట్‌ను ప్రైవేట్ చేయడం కుదరదు. ఎప్పుడైనా తాళం వేయాలంటే ముందు మామూలు అకౌంట్‌గా మార్చుకోవాలి, అప్పుడు ఆ లెక్కలు పోతాయి. ఈ నిబంధనే నాలుగో దారిని ఇంకా బలపరుస్తుంది. ఇంటి ఫోటోలున్న అకౌంట్‌ను ఎప్పుడూ బిజినెస్‌గా మార్చకూడదు.

రెండు అకౌంట్లు పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటే. ఒకదానిలో పెట్టాల్సింది ఇంకోదానిలో పెట్టడం. చీరల అకౌంట్ ప్రొఫైల్ ఫోటోగా మనిషి మొహం కాకుండా జరీ అంచు ఫోటో పెట్టుకుంటే, పోస్ట్ నొక్కే ముందు కంటికి వెంటనే తేడా తెలుస్తుంది. ఇక పబ్లిక్‌లో పెట్టిన చీర ఫోటోను వేరే అమ్మకందార్లు ఎత్తుకుని తమదిగా పెట్టడం మామూలే. రీల్ దింపుకోవడం ఆపినా స్క్రీన్ రికార్డింగ్ ఆగదు. అందుకని దుకాణం పేరు ఫోటో మూలన కాకుండా చీర ఒంటిమీద, బుటాల మధ్య పలచగా పడేలా వేయాలి. మూలన ఉన్నది కత్తిరించడం ఒక్క క్షణం పని.

## మిగతావాళ్లకు

కాలేజీలో చదువుకునేవాళ్లు, ముఖ్యంగా ఇంటికి దూరంగా హాస్టల్‌లో ఉండేవాళ్లు ప్రైవేట్‌లో ఉండటమే నయం. తరగతిలో 60 మంది ఉన్నారని 60 మందినీ ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. ఫ్రెషర్స్ డే ఫోటోలు కాలేజీ పేజీ ఎలాగూ పబ్లిక్‌లో పెడుతుంది. వాటిలో మీ మొహం ఉంటుందని తెలిసి ఉండండి.

కర్నూలు కొండారెడ్డి బురుజు మీదో, ఉగ్గాని బజ్జీ మీదో రీల్స్ చేసి పేరు తెచ్చుకోవాలనుకునేవాళ్లకు పబ్లిక్ తప్ప దారి లేదు. కొత్తవాళ్లకు చేరని రీల్‌తో పనేముంది? వాళ్లు చూసుకోవాల్సింది వీడియోలోకి ఏం వస్తోందన్నదే. ఇంటి గుమ్మం, బండి నంబరు, రోజూ ఒకే వేళకు ఒకే హోటల్‌లో ఉంటారన్న సంగతి. ఊరు చిన్నది, గుర్తుపట్టడం తేలిక. అక్కడే ఉండగా కాకుండా, ఇంటికి వచ్చాక పోస్ట్ చేస్తే చాలు.

పిల్లలున్నవాళ్లకు ఒక వివరం. 13 నుంచి 17 ఏళ్లవాళ్ల అకౌంట్లు టీన్ అకౌంట్ కింద మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉండేలా ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరిలో మనదేశంలోనూ మొదలుపెట్టింది. 16 ఏళ్లలోపువాళ్లు దాన్ని పబ్లిక్ చేయాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. అయితే ఇదంతా ఇచ్చిన పుట్టినతేదీ మీద ఆధారపడుతుంది. తొమ్మిదో తరగతి అబ్బాయి 2000లో పుట్టానని రాసి ఉంటే ఈ రక్షణ ఏదీ రాకపోవచ్చు. అడిగి చూడండి, కోప్పడకుండా.

## మార్చడం, మార్చాక చూసుకోవడం

ప్రొఫైల్‌లో పైన కుడివైపు మూడు గీతలు నొక్కి `Settings and activity`లోకి పోండి. అక్కడ `Account privacy` తెరిస్తే `Private account` స్విచ్ ఉంటుంది. మార్చాక మీ ఫోన్‌లో చూసుకుంటే లాభం లేదు, మీకు మీ పోస్టులు ఎప్పుడూ కనిపిస్తాయి. మిమ్మల్ని ఫాలో కాని ఒకరి ఫోన్ తీసుకుని మీ పేరు వెతకండి. ప్రొఫైల్ ఫోటో, బయో, సంఖ్యలు కనిపించి, కింద ఈ అకౌంట్ ప్రైవేట్ అని వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఆ ఫోన్‌లోనే మీ బయో ఇంకోసారి చదవండి, మీరు ఎవరో తెలియనివాళ్లు చదువుతున్నట్టుగా. తర్వాత మీ ఫాలోయర్‌ను ఒకరిని గండికోట ఫోటోను ఆ ఫోన్‌కు మెసేజ్‌లో పంపమనండి. తెరుచుకోకపోతే తాళం పడినట్టే.